మల్లెల దుల్హన్‌కు మోతియా ఇత్తర్ వద్దు

దుల్హన్‌కు ఇత్తర్ అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది మోతియా. తలలో మల్లెలే కదా, వాటికి మల్లె ఖుష్బూయే జోడీ అని పెద్దవాళ్ల లెక్క. నా రాయ్ దీనికి ఉల్టా. నిండుగా మల్లెలు పెట్టుకున్న రోజు మోతియా వద్దు. జిద్దా నుంచి ఫుప్పూ తెచ్చిన ఊద్ అసలే వద్దు. సందల్ చాలు. అదీ ఒక్కసారే, పూలు తగలని చోట.

కారణం మల్లె మిజాజ్‌లోనే ఉంది. మొగ్గ సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రయ్యేకొద్దీ వాసన పెరుగుతుంది. మధ్యాహ్నం కట్టిన దండ మగ్రిబ్ వేళకు మెల్లగా మొదలై, ఇషా దాటేసరికి జనానా అంతా కమ్మేస్తుంది. మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉన్నంతవరకు ఆ మత్తు దానిదే. పువ్వు వడలి అంచులు గోధుమరంగుకు తిరిగాక ఆ బరువు వాసనే పైకి తేలుతుంది. ఇక మోతియా ఇత్తర్ అంటారా, కన్నౌజ్‌లో దేగ్‌లో పూలను నీళ్లతో కాచి, ఆ ఆవిరిని భప్కాలోని చందన తైలంలోకి పట్టి తీస్తారు. కాగిన పువ్వు వాసన, తాజా పువ్వు వాసన ఒకటి కావు. పక్కపక్కన పెడితే ఏదో ఒకటి నకిలీలా అనిపిస్తుంది. చవక షీషీల్లో ఉండేది చాలావరకు ఆ ఇత్తర్ కూడా కాదు, కెమికల్.

పోయిన ఏప్రిల్‌లో మా భాంజీ షాదీకి పది రోజుల ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టాం. సాయంత్రం ఐదింటికి స్నానం, పౌడర్ లేదు. ఎడమ మోచేతి లోపల మోతియా, కుడి మోచేతి లోపల సందల్, జడలో రెండు మూరల మల్లెలు. నికా ఇషా తర్వాత, జల్వా అయ్యేసరికి రాత్రి ఒంటిగంట అనుకున్నాం కాబట్టి అంతసేపూ కూర్చోవాలి. ఎనిమిదింటికి పక్కింటి ఖాలా వచ్చి ఎడమ చెయ్యి వాసన చూసి, "సబ్బులా ఉంది బేటా" అంది. కుడి చేతి మీద వాసన ఉందో లేదో తెలియనంత. పదకొండింటికి ఎడమ వైపు తలనొప్పి తెప్పించేలా ఉంది. కుడి వైపు మాత్రం వాడుతున్న మల్లెల కింద పాలమీగడలాంటి మెత్తని వాసన మిగిలింది. మల్లె పైన ఉంటే అది కింద ఉంటుంది, దాన్ని అణచదు.

ఎక్కడ రాయాలన్నది కెమెరా కోసం కూడా ఆలోచించాలి. జల్వాలో ఫోటోగ్రాఫర్ ముఖం మీదకే వస్తాడు. మెడ మీద, చెవి వెనక రాసిన నూనె లైట్లకు మెరుస్తుంది, అక్కడి మేకప్ జారుతుంది. ఖడా దుపట్టా జరీ మీద పడిన చుక్క మరక చేస్తుంది, అది దగ్గరి ఫోటోలో దాగదు. సత్‌లడా ముత్యాలకు ఇత్తర్ తగిలితే వాటి కాంతి తగ్గుతుంది. అందుకే బట్టలకు గంట ముందు, తడి ఆరిన చర్మం మీద, గుండె మధ్య, మోచేతుల లోపల, మోకాళ్ల వెనక మాత్రమే రాయండి. ఒక్కో చోట ఒక చిన్న చుక్క. రుద్దకండి. అది చర్మంలోకి ఇంకాక బట్టలు, ముత్యాలు అన్నిటికన్నా ఆఖరున. ఎప్పుడూ వాడని ఇత్తర్ అయితే ఒకరోజు ముందే చేతి మీద రాసి దద్దుర్లు రావని చూసుకోవాలి.

అసలు పాడయ్యేది తర్వాత. అరగంటకే దుల్హన్ "నాకేం వాసన రావట్లేదు" అంటుంది, బాజీ ఫాయా పట్టుకుని వస్తుంది. పోయింది వాసన కాదు, ముక్కు దానికి అలవాటుపడింది. బయట నుంచి అప్పుడే లోపలికొచ్చిన మనిషిని అడగండి. ఉందంటే ఫాయా పక్కన పెట్టేయండి.

ఊద్ తెచ్చిన ఫుప్పూకు నారాజ్ ఎందుకు చేయాలి? వలీమా రోజు తలలో మల్లెలు ఉండకపోతే ఆ రోజుకు పెట్టుకోండి. సందల్ కొనేటప్పుడు దుకాణంలో కాగితం మీద వాసన చూసి డబ్బు ఇవ్వకండి. చేతి మీద రాయించుకుని, చార్మినార్ దగ్గర చూడీలో మరేదో చూసుకుని గంట తర్వాత తిరిగి రండి. రాసీ రాయగానే గుప్పున కొట్టి, గంటకల్లా ఆనవాలు లేకుండా పోతే వదిలేయండి. మంచిది ఖరీదే, కానీ ఒక దుల్హన్‌కు ఒక మిల్లీలీటరు కూడా ఖర్చు కాదు.

మిగిలిన డబ్బుతో రెండో మల్లెదండ చెప్పండి. తడి గుడ్డలో చుట్టి, చల్లటి చోట ఉంచి, జల్వాకు ముందు వాడిన దండ తీసి అది కట్టండి.