గ్రైండర్ కొనేముందు రిపేరు షాపు చూసుకోండి

వెట్ గ్రైండర్ కావాలని షాపుకు వెళ్తే సేల్స్‌మన్ ముందుగా చెప్పేవి రెండే: ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు. రెండూ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని మనమూ తల ఊపేస్తాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాపురాలు చేసుకునే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం. అది పాడైతే బాగుచేసేదెవరు?

ముందు మన వంటింటి సంగతి చూద్దాం. ఈ గ్రైండర్లకు పుట్టిల్లు కోయంబత్తూరు. 2005-06లో ‘కోయంబత్తూరు వెట్ గ్రైండర్’కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడివాళ్లు ఇడ్లీకి బియ్యం, మినప్పప్పు రెండూ రుబ్బుతారు. మనలో చాలామంది ఇడ్లీ రవ్వ వాడతాం కదా! అంటే రుబ్బాల్సింది మినప్పప్పు ఒక్కటే. నలుగురున్న ఇంట్లో గ్లాసు పప్పు నానబోసి, రెండు గ్లాసుల రవ్వ కడిగి పిండి కలుపుకుంటే రెండు పూటలు గడుస్తుంది. దీనికి రెండు లీటర్ల టేబుల్ టాప్ ధారాళంగా చాలు. దోశల కోసం బియ్యం రుబ్బే రోజు రెండు వాయిలుగా వేసుకోవచ్చు. పెద్ద డ్రమ్ములో గ్లాసు పప్పు వేస్తే అది అంచులకు అంటుకుంటుందే తప్ప రాళ్ల కిందికి రాదు. గరిటెతో తోసుకుంటూ అక్కడే నిలబడాల్సి వస్తుంది.

ఇక మోటారు. మిక్సీకి 750 వాట్లుంటే దీనికి 150 వాట్లేనా అని చిన్నచూపు వద్దు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి కోస్తుంది, పిండిని వేడెక్కిస్తుంది. గ్రైండర్‌లో నలిపేది రాయి బరువు. అది నిదానంగా తిరుగుతూ అరగంటలో పప్పును గాలి నిండిన వెన్నలా చేస్తుంది. రెండు లీటర్లకు 150 వాట్లు సరిపోతాయి. హోటళ్లలో చూసే వంచే రకానికైతే అర హార్స్‌పవర్ మోటారు, అంటే సుమారు 370 వాట్లు కావాలి. మోటారుకు అసలు పరీక్ష లో వోల్టేజీ. మొదటి తిప్పుకు కావాల్సిన బలం అప్పుడు బాగా పడిపోతుంది. రుబ్బుతుండగా కరెంటు పోతే వెంటనే స్విచ్ కట్టేయండి. వచ్చాక రాళ్లు పైకెత్తి, డ్రమ్ము తిరగడం మొదలయ్యాకే దింపండి. గట్టి పిండి మీద అలాగే స్విచ్ వేస్తే మోటారు తిరగలేక వేడెక్కి కాలిపోతుంది.

డ్రమ్ము విషయంలో షాపువాళ్లు అయస్కాంతం పెట్టి చూపిస్తారు, ‘చూడమ్మా, అంటుకోలేదు, అసలు స్టీలు’ అని. తొందరగా తుప్పు పట్టే 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు. 304 అని డ్రమ్ము మీదో, కార్డు మీదో రాసి ఉందా చూడండి. మొత్తం రాతి డ్రమ్ము పిండిని చల్లగా ఉంచే మాట నిజమే గానీ, ఎత్తి కడగాల్సింది మనమే! స్టీలు డ్రమ్ము, అడుగున నల్లరాయి ఉన్నది ఇంటికి నయం. షాపులోనే కాసిని నీళ్లు పోసి తిప్పించండి. డ్రమ్ము ఊగినా, రాయి అంచుకు గీసుకున్న చప్పుడొచ్చినా ఇంకొకటి తీయమనండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మా పక్కింటావిడ గ్రైండర్ ఒకరోజు ‘గుం’ అంటూ మూలిగిందే గానీ తిరగలేదు. చేత్తో కాస్త తోస్తే తిరిగింది. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే హైదరాబాద్ తెమ్మన్నారు. వంద కిలోమీటర్లు, ఆ బరువు, బస్సు! ఆవిడ దాన్ని బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపుకు తీసుకెళ్లింది. ఆయన కెపాసిటర్ మార్చాడు, అంతే. తోస్తే తిరిగిందంటే చాలావరకు లోపం అక్కడే. మోటారు తిరుగుతూ డ్రమ్ము ఆగిపోతే బెల్టు వదులైనట్టు.

బోర్ల మీద బతికే మన జిల్లాల్లో వైండింగ్ షాపులకు కొదవలేదు. అందుకే బిల్లు కట్టకముందే రెండు అడగండి. ఈ బెల్టు, కెపాసిటర్ మన ఊళ్లో దొరుకుతాయా? వారంటీలో మనిషి ఇంటికొస్తాడా, మనమే మోసుకెళ్లాలా? ‘అయిదేళ్ల వారంటీ’ మోటారుకా, మొత్తానికా అన్నది కార్డు మీద చదవండి. వారంటీ ఉన్నన్నాళ్లు బయట విప్పిస్తే చెల్లదంటారు కాబట్టి ఆ సంగతీ ముందే తేల్చుకోండి. వీటికి సరైన జవాబు చెప్పలేని షాపులో ఎంత తగ్గింపు ఇచ్చినా ఆ గ్రైండర్ నేను కొనను. ఏడాది తిరక్కుండా అది అటకెక్కితే మళ్లీ రుబ్బురోలు పొత్రం పట్టాల్సింది మన చేతులే కదా!