పాలిచ్చే రోజుల్లో ఆ నొప్పి

మన ఇళ్ళల్లో పురుడు వచ్చిందంటే జాగ్రత్తలకి కొదవ ఉండదు. చెవుల్లో దూది పెట్టుకో, వెల్లుల్లి కారం తిను, చన్నీళ్ళు ముట్టుకోకు అని పదిమంది చెప్తారు. బిడ్డ టీకాల తేదీలు ఆసుపత్రి వాళ్ళు కార్డు మీద రాసిస్తారు. మొగుడూ పెళ్ళాల సంగతికొచ్చేసరికి మాత్రం "ఆరు వారాలయ్యాక ఇబ్బంది లేదమ్మా" అని ఒక్క ముక్కతో సరి. ఆ ఒక్క ముక్క చాలదనే నా గొడవ.

మా పిన్ని కూతురికి బాబు పుట్టి ఏడో నెల. నార్మల్ డెలివరీ, కుట్లు ఎప్పుడో మానిపోయాయి. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఒకటడుగుతాను, నవ్వకు" అంది. ఆయన దగ్గరికొస్తే లోపల అంతా పొడిగా, ఇసుక కాగితంతో రుద్దినట్టు మంట. తర్వాత బాత్రూముకి వెళ్తే ఇంకా మంట. పళ్ళబిగువున నాలుగైదుసార్లు ఓర్చుకుని, ఆ తర్వాత బాబుని పడుకోబెడుతూ నిద్ర నటించడం మొదలుపెట్టింది. మా మరిది హాల్లో పడుకుంటున్నాడు. "నాకే ఆయనంటే ఇష్టం పోయిందేమో అక్కా" అని ఏడ్చింది.

నేను అడిగింది రెండే ప్రశ్నలు. బాబు ఇంకా రాత్రిళ్ళు పాలు తాగుతున్నాడా? నెలసరి మళ్ళీ వచ్చిందా? మూడు నాలుగుసార్లు లేచి తాగుతాడట. నెలసరి రాలేదట. నాకు సగం అర్థమైంది.

బిడ్డ పాలు తాగుతున్నంతకాలం తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. పాలు తయారు చేయించేది అదే. మెదడు నుంచి అండాశయాలకి వెళ్ళే సంకేతాలని కూడా అదే అణచిపెడుతుంది. దాంతో ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. యోని లోపలి పొరని మందంగా, తడిగా, సాగేలా ఉంచేది ఈస్ట్రోజెనే. అది లేకపోతే ఆ పొర పలచబడి పొడిబారుతుంది, కొంచెం ఒరిపిడికే చిట్లుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్ళకి వచ్చే ఇబ్బందే ఇది, కాకపోతే పాతికేళ్ళకే, కొద్దికాలం పాటు. మనసులో ఎంత ఇష్టమున్నా ఒంట్లో తడి ఊరదు. కాబట్టి తడి లేకపోవడాన్ని బట్టి ప్రేమని కొలవడం శుద్ధ తప్పు. ఈ మాట మొగుళ్ళకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని ఇళ్ళల్లో మూతి ముడుపులు తప్పేవో!

అయితే ప్రతి నొప్పీ ఇదే అనుకోకూడదు. చుట్టూరా మంటగా, గీరుకున్నట్టుంటే పొడిదనం. కుట్లేసిన ఆ ఒక్క చోటే వేలు పెట్టినా కత్తితో పొడిచినట్టుంటే అది మచ్చ నొప్పి. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, చెడు వాసన ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అందుకే ఒకసారి లేడీ డాక్టరుకి చూపించుకోమన్నాను. పరీక్ష చేసి, పొడిదనమేనని ఆవిడ తేల్చారు.

ముందు చెప్పింది నీళ్ళతో తయారైన లూబ్రికెంట్ జెల్. మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. ఇద్దరూ రాసుకోవాలి, ఆరిపోతే మళ్ళీ రాసుకోవాలి. సువాసన, వేడి పుట్టించే రకాలు వద్దు. కొబ్బరినూనె మన ఇళ్ళల్లో సులువే కానీ, కండోమ్ వాడేవాళ్ళు దాని జోలికి పోకూడదు, నూనె తగిలితే రబ్బరు చిరిగిపోతుంది. దాంతోపాటు వారానికి రెండు మూడుసార్లు యోని లోపల పెట్టుకునే మాయిశ్చరైజర్ ఇచ్చారు. అది కలయిక కోసం కాదు, మామూలు రోజుల్లో పొర ఎండిపోకుండా ఉండటానికి. సబ్బుతో లోపల కడుక్కోవడం మానేయమన్నారు.

నెలన్నర చూశాక మంట తగ్గింది కానీ పోలేదు. అప్పుడు తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము రాశారు. రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. "పాలల్లోకి పోదా?" అని మా పిన్ని కంగారుపడింది. అక్కడికక్కడే పనిచేసే క్రీములోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పాలు తగ్గించే భయం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో. అయినా ఇది డాక్టరు చూసి ఇవ్వాల్సిందే, పక్కింటావిడ ట్యూబు అడిగి తెచ్చుకునేది కాదు.

"పాలు మాన్పించెయ్, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్న పెద్దలు కూడా ఉన్నారు. పాలు తగ్గి నెలసరి మొదలయ్యాక చాలామందికి సర్దుకునే మాట నిజమే. కానీ ఓ ట్యూబుతో తగ్గే బాధకి బిడ్డ పాలు ఆపడమేమిటండీ?

మా చెల్లి మూడు వారాల తర్వాత ఫోన్ చేసింది. మరిది హాల్లోంచి గదిలోకి వచ్చేశాడట. ఆ వెంటనే ఇంకో ప్రశ్న, "నెలసరి రాలేదు కదా అక్కా, ఇప్పుడేం కాదుగా?" అని. ఆ ధీమా బిడ్డకి ఆర్నెల్లు నిండేదాకా, అదీ పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తూ నెలసరి రానంతవరకే. వాళ్ళ బాబు అప్పటికే ఉగ్గు తింటున్నాడు. కండోమ్ వాడమన్నాను, కొబ్బరినూనె సీసా వంటింట్లోనే ఉంచమన్నాను.