మామయ్యా, బాబాయా?

ఈ మధ్య తెలుగు కథల మీద ఒక దొడ్డిదారి వ్యాపారం నడుస్తోంది. కథని ముందు యంత్రంతో ఇంగ్లీషులో రాయించడం, దాన్ని ఇంకో యంత్రంతో తెలుగు చేయించడం, ‘మరియు’లన్నీ వెతికి తీసేసి పత్రికకి పంపడం. నేరుగా తెలుగులోనే రాయించొచ్చు కదా అంటే రెండు కారణాలు చెప్తారు. ఇంగ్లీషులో అయితే కథ కాస్త కుదురుగా వస్తుంది. రెండోది అసలు కారణం: ఇలా చుట్టు తిప్పితే ‘డిటెక్టర్‌’కి దొరకదు.

దొరకదన్న మాట చాలావరకు నిజమే. ఈ డిటెక్టర్లు మనిషి చదివినట్టు చదవవు. వాటిలో చాలా వరకు ఒక పదం తర్వాత ఏ పదం వస్తుందో తాము ఎంత సులువుగా ఊహించగలుగుతున్నాయో లెక్కేస్తాయి. అన్నీ ఊహించినట్టే వస్తుంటే యంత్రం రాసిందంటాయి. అనువాదం చేయగానే ఆ పదాల్లో ఒక్కటీ మిగలదు, లెక్క మొదటికొస్తుంది. వాటర్‌మార్క్ సంగతీ అంతే. 2023లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పద్ధతి చెప్పారు. యంత్రం ప్రతి పదం దగ్గరా పదకోశాన్ని రెండుగా చీల్చి, ఒక భాగంలోని పదాలనే ఎక్కువగా వాడుతుంది. తర్వాత లెక్కపెడితే ఆ మొగ్గు బయటపడుతుంది. పదాలే మారిపోయాక మొగ్గు ఎక్కడుంటుంది? అనువాదంతో అది చెరిగిపోతుందని తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా చూపించాయి.

కాబట్టి శాతాలు చూపించే సైట్లో కథని అతికించి, వచ్చిన అంకెని చూసి రచయితకి ఉత్తరం రాసే సంపాదకుల మీద నాకు గౌరవం లేదు. 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకి టోఫెల్ వ్యాసాలు ఇచ్చి చూశారు. ఇంగ్లీషు మాతృభాష కాని మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి అవి. ఇంగ్లీషులోనే ఇంత అన్యాయం చేసిన సరుకు తెలుగు కథ మీద ఏం న్యాయం చేస్తుంది?

అయితే డిటెక్టర్‌కి దొరకనిది పాఠకుడికీ దొరకదనుకోవడం దగ్గరే దొడ్డిదారి వాళ్లు పొరబడుతున్నారు.

అనువాదానికి తనదైన యాస ఒకటుంటుంది. స్వీడిష్ పరిశోధకుడు మార్టిన్ గెల్లర్‌స్టామ్ 1986లో దాన్ని ‘ట్రాన్స్‌లేషనీజ్’ అనే పేరుతో పరిశీలించాడు. 2006లో బరోనీ, బెర్నార్దినీ అనే ఇద్దరు ఇటాలియన్ వ్యాసాలు తీసుకుని, అనువాదాలేవో సొంత రచనలేవో వేరుచేయడం యంత్రానికి నేర్పితే అది బాగానే చేసింది. పట్టిచ్చినవాటిలో పెద్ద పెద్ద మాటల కన్నా సర్వనామాల్లాంటి చిల్లర మాటలే ముఖ్యం. తెలుగులో ఆ చిల్లర ఇంకా గట్టిగా మోగుతుంది. చూపిస్తాను. ఎవరి కథనీ ఇక్కడ పెట్టి అల్లరి చేయడం ఇష్టం లేక, నేను చదివిన ఇలాంటి కథల తీరులో ఒక పేరా నేనే తయారుచేశాను.

“ఆమె తన మామయ్య ఇంటికి చేరుకున్నప్పుడు వర్షం ఆగిపోయింది. అతను వరండాలో కూర్చుని ఉన్నాడు, అతని కళ్లు దూరంగా ఉన్న దేనినో వెతుకుతున్నాయి. ‘నువ్వు వచ్చావు,’ అతను అన్నాడు. ఆమె తన తలను ఊపింది. అత్త ఆమె కోసం ఒక కప్పు టీ చేసింది. ‘మీరు మీ నాన్నలా ఉన్నారు,’ ఆమె చెప్పింది. వారి మధ్య ఉన్న నిశ్శబ్దం బరువును కలిగి ఉంది. ‘మేము రేపు పొలానికి వెళ్తాము,’ మామయ్య అన్నాడు. ఆమె కజిన్ తలుపు దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నాడు.”

మొదట పైపైన కనిపించేవి. ‘ఆమె’, ‘అతను’ ఎన్నిసార్లొచ్చాయో చూడండి. తెలుగు క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు, ‘వచ్చింది’ అంటే చాలు. ఇంగ్లీషుకి ఆ వసతి లేదు, ప్రతి వాక్యానికీ ఒక కర్తని నిలబెట్టాలి. ‘తన తలను ఊపింది’ కూడా అలాంటిదే. ఇంకెవరి తల ఊపుతుంది? మనం ‘తలూపింది’ అని ఊరుకుంటాం. టీ ‘చేయడం’ ఇంగ్లీషు వంటింటి పని, మన వంటింట్లో టీ పెడతారు. ‘బరువును కలిగి ఉంది’ గురించి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ నిజమైన గుర్తులే కానీ వీటి మీద కేసు నిలబడదు. ఎందుకంటే మనుషులూ ఇలాగే రాస్తున్నారు. ఏజెన్సీ ఇంగ్లీషు వార్తల్ని అర్ధరాత్రి తెలుగు చేసీ చేసీ మన న్యూస్ డెస్కులు ‘చేయబడింది’ని ఇంటి మాట చేశాయి. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంగ్లీషు నవలలు చదివి, ఇరవై ఐదేళ్లకి తెలుగులో మొదటి కథ రాసే అమ్మాయి వాక్యంలో ‘కలిగి ఉన్న’ వస్తుంది. రానివ్వండి. అది ఆమె చదువు పెట్టిన మచ్చ, మోసం కాదు. ‘ఒక’లూ ‘మరియు’లూ లెక్కపెట్టి ఆ అమ్మాయిని దొంగ అనే సంపాదకుడికీ శాతాల సైటుకీ తేడా లేదు. పైగా తెలివైన దొడ్డిదారి రచయిత ఇవన్నీ ఒక పూటలో దిద్దేస్తాడు. ‘అతను’లు కొట్టేస్తాడు, టీ పెట్టిస్తాడు.

దిద్దడానికి కుదరనివి వేరే ఉన్నాయి. ఇంగ్లీషు చెప్పకుండా దాటేసి, తెలుగు చెప్పి తీరాల్సిన సంగతులు అవి.

పేరాలోకి మళ్లీ వెళ్దాం. ‘మేము రేపు పొలానికి వెళ్తాము.’ వచ్చిన పిల్లతో అంటున్నాడు ఈ మాట. తెలుగులో దీనర్థం, నువ్వు ఇంట్లోనే ఉండు, మేం వెళ్లొస్తాం అని. తర్వాతి పేరాలో ఆ పిల్ల పొలం గట్టు మీద నడుస్తూ ఉంటుంది! ఇంగ్లీషు ‘వీ’లో పిల్ల ఉందో లేదో రాసి ఉండదు. తెలుగులో మనమా, మేమా అన్నది తేల్చకుండా నోరు తెరవలేం. అనువాద యంత్రం ఒకటి ఊహించింది, తప్పింది. అత్త ఆ పిల్లని ‘మీరు’ అనడమూ అంతే. కొన్ని ఇళ్లలో పిల్లల్ని ‘మీరు’ అంటారు, నాకు తెలుసు. కానీ అదే ఇంట్లో భర్త ‘నువ్వు వచ్చావు’ అని, భార్య ‘మీరు’ అంటే వాళ్లిద్దరి మధ్యా ఏదో ఉండాలి. కథలో అదేమీ లేదు. మర్యాద ఇంటింటికీ మారుతుంది. మా వైపు ‘నాన్న వచ్చాడు’ అంటాం, ఇంకోచోట ‘వచ్చారు’ అంటారు. రెండూ సరైనవే. ఒకే నోట పొద్దున ‘వచ్చాడు’, కారణం లేకుండా సాయంత్రం ‘వచ్చారు’ వినిపిస్తే అనుమానించాలి.

ఇక మామయ్య. ఈ తరహా కథ సగానికి వచ్చేసరికి ఏమవుతుందంటే, తాతగారి నాలుగెకరాలు ఎవరికన్న గొడవ మొదలవుతుంది. ఈ మామయ్యా, పిల్ల తండ్రీ ఒకే తండ్రి బిడ్డలు. అంటే ఆయన మామయ్య కాదు, బాబాయి. లేదా పెదనాన్న. ఇంగ్లీషులో ‘అంకుల్’ అని ఉంది, అనువాద యంత్రం తోచిన మాట ఒకటి వేసింది. దాంతో ‘అత్త’ కూడా తప్పిపోయింది, ఆవిడ పిన్ని. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కజిన్ సంగతి ఇంకా ఇరకాటం. వాడు నిజంగా మామయ్య కొడుకే అయితే బావ, ఆ చూపు వేరు. బాబాయి కొడుకైతే అన్నో తమ్ముడో, ఆస్తి తగాదాలో రేపు ఎదుటి పక్షం, ఆ చూపూ వేరు. ఈ రెండు చూపుల్లో ఏది కావాలో తేల్చుకోకుండా తెలుగు కథకుడు ఆ వాక్యం రాయలేడు. ఇంగ్లీషులో రాసిన యంత్రానికి తేల్చుకునే అవసరమే రాలేదు.

ఇంగ్లీషు మీడియం అమ్మాయికీ దొడ్డిదారి కథకీ తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఆమె వాక్యం వంకరపోవచ్చు, ‘కజిన్’ అనే మాటే వాడొచ్చు. కానీ ఆమె బాబాయిని మామయ్య అనదు. వ్యాకరణం పుస్తకాల వల్ల చెడుతుంది కానీ, ఎవరిని ఏమని పిలవాలో రెండేళ్లు నిండేలోపే ఎవరో చంకనెత్తుకుని నేర్పి ఉంటారు. కాబట్టి వాక్యాలు శుభ్రంగా ఉండి చుట్టరికాలు కలగాపులగమైన కథ, వాక్యాలు తడబడుతున్నా చుట్టరికాలు చెక్కుచెదరని కథ, రెండూ నా దగ్గరికొస్తే నేను రెండోదాని పక్షం.

ఇదీ సర్వరోగ నివారిణి కాదు. కవితలో పట్టుకోవడానికి చుట్టాలు ఉండరు. వ్యాసంలో మనం, మేము తప్ప పెద్దగా ఏమీ దొరకదు. నేరుగా తెలుగులో రాయించిన కథలో ఈ గుర్తులు తక్కువ, దాని జబ్బులు వేరు. బాబాయి అని ముందే చెప్పి రాయించినా తప్పు దొరకదు. అసలు పాత్రలన్నిటి వరసలూ, ఎవరు ఎవర్ని ఏమంటారో, ఎవరు పొలానికి వెళ్తున్నారో, అన్నీ కూర్చుని తేల్చి దిద్దితే? దిద్దనివ్వండి. అంత పని చేసినవాడు సగం కథ రాసినట్టే, మిగతా సగం కూడా రాసుకోవచ్చు కదా అన్నదే నా కోపం.

‘ఆలోచన నాది, భాష మాత్రమే యంత్రానిది’ అని ఒక వాదన వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ పై కథలో ఆ ఆలోచన ఏది? అన్నదమ్ముల ఆస్తి తగాదాలో చిక్కుకున్న ఒక పిల్ల. ఆమె ఎవరింటికి వచ్చిందో, ఎదురుగా ఉన్నవాడు ఆమెకి ఏమవుతాడో రచయితకే తెలియనప్పుడు ఆ తగాదా అతని ఆలోచన ఎలా అవుతుంది? భాషని యంత్రానికి ఒప్పజెప్పినప్పుడు దాంతోపాటు చుట్టరికాన్నీ ఒప్పజెప్పాడు. కథంతా ఉన్నది అందులోనే.

దీన్ని అనువాదం మీద దాడిగా తీసుకోవద్దు. అనువాదకులకి చెడ్డపేరు తెస్తున్నది ఈ దొడ్డిదారే. మంచి అనువాదకుడు ‘అంకుల్’ దగ్గర ఆగిపోతాడు. పుస్తకమంతా వెతుకుతాడు, దొరక్కపోతే మూల రచయితకి ఉత్తరం రాస్తాడు, ఆయన లేకపోతే ఆలోచించి ఒక నిర్ణయం తీసుకుని దానికి పూచీ పడతాడు. పైగా ఇది అనువాదం అని పేరు కింద రాసుకుంటాడు.

పత్రికలవాళ్లని నేను అడిగేది చిన్న పని. తిరస్కరణ ఉత్తరంలో ఆ శాతం అంకె తీసేయండి. అనుమానం వస్తే రచయితకి ఫోన్ చేయండి. ఈయన అమ్మ తరఫా, నాన్న తరఫా? తలుపు దగ్గర కుర్రాడు ఆ పిల్ల కన్నా పెద్దా, చిన్నా? రేపు పొలానికి ఎవరెవరు వెళ్తున్నారు? కథ రాసినవాళ్లకి ఇవి ప్రశ్నల్లా కూడా అనిపించవు. ‘బాబాయండీ, నాన్న తరవాత వాడు, మామయ్య అని ఎక్కడ పడింది?’ అని కంగారుపడి వెంటనే దిద్ది పంపుతారు. ఇంకొందరు, కాసేపు ఆగి, చూసి చెప్తానంటారు.