అప్పు యాడ తీయాలె? ముందు మీ ఇంటి జాగ కాగితం సూపెట్టున్రి (గల్ఫ్ ముచ్చట్లు – 6)



"దుబాయిలనే అప్పు తీస్తవా, ఈడ తీస్తవా?" అని బాపు ఫోన్ల అడిగిండు. గూనపెంకుల ఇల్లు ఈ వానకు ఆగదు. మేస్త్రీ పద్నాలుగు లక్షల దాకా చెప్పిండు. దిర్హానికి 23 రూపాయలు అనుకుంటే 60 వేల దిర్హాలు.

మా సైట్ల ఒక ఫోర్మెన్ ఉన్నడు. మా జిల్లానే, భూములున్న ఇల్లు. "పిచ్చోడా, ఇండియాల హోమ్ లోన్ తీస్కో. సంపాదన దిర్హాలల్ల, కట్టేది రూపాయలల్ల. రూపాయి పడ్డకొద్దీ నీకే లాభం" అన్నడు. లెక్క నిజమే. 9 శాతం మీద ఇరవై ఏండ్లకైతే నెలకు 12,400 రూపాయలు, అంటే 540 దిర్హాలు.

బాపు ఊళ్ల బ్యాంకుకు పోయిండు. లింకు డాక్యుమెంట్లు అడిగిన్రు. మా మాదిగవాడ గ్రామకంఠం. తాతలనాటి నుంచి ఉంటున్నం, చేతిల ఉన్నది ఇంటి పన్ను రసీదు. లోన్ రాదన్నరు.

ఇగ మిగిలింది పటేలు. నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు మిత్తే 1,200 దిర్హాలు, అసలు అట్లనే ఉంటది. ఫోర్మెన్ 540తో ఇల్లు తీర్సుకుంటడు, నేను దానికి రెండింతలు కట్టినా బాకీ ఒక్క రూపాయి తగ్గదు. ఆయనకూ నాకూ నడుమ తేడా తెలివి కాదు, జాగ కాగితం. ఆ కాగితం ఏ కులానికి రాసిన్రో మీకు చెప్పాలెనా?

ఇక్కడి బ్యాంకు మాత్రం కులం అడగదు, జీతం అడుగుతది. నా జీతం 5,500 ఖాతాలనే పడుతది గనుక ఇస్తనన్నరు. "5 శాతమే" అన్నరు, కానీ అది ఫ్లాట్. అసలు తగ్గుతున్నా నాలుగేండ్లూ మొత్తం 60 వేల మీదనే మిత్తి లెక్కగడతరు. నెలకు 1,500. తగ్గే అసలు మీద సూస్తే అది 9 శాతం దాటుతది. అయినా పటేలు కన్న నయమే. 48 నెలలకు తీరుతది.

భయం వేరే ఉన్నది. కొలువు పోతే రూపాయలు సంపాదిస్తూ దిర్హాల బాకీ కట్టాలె. ఊరికి పారిపోతే అయిపోతదని కొందరంటరు. 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టు డిక్రీని మన జిల్లా కోర్టులనే అమలు చేయించుకోవచ్చు.

అందుకే గ్రాట్యుటీని హద్దు పెట్టుకున్న. నా బేసిక్ 3,000, సర్వీసు తొమ్మిదేండ్లు. మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 దినాల బేసిక్, తర్వాత 30 దినాలు. మొత్తం 22,500. రేపు పంపించేసినా బ్యాంకు అదే పట్టుకుంటది, బాకీ ఇంటిదాకా రాదు. 22 వేలు తీస్తున్న, రెండేండ్లకు, నెలకు వెయ్యి పైచిలుకు. రెండర్రలు, ఒక వంటిల్లు.

"మేడ లేదా బిడ్డా?" అన్నడు బాపు. లేదన్న. మెట్లకు మాత్రం జాగ ఇడిసిపెట్టుమని మేస్త్రీకి చెప్పిండట.