ఇళ్లు రెండైనా నిద్రవేళ ఒకటే ఉండాలి

తల్లిదండ్రులు విడిపోయాక ఒక నాలుగేళ్ల పాప ఐదు రాత్రులు అమ్మ దగ్గర, శుక్ర, శనివారాలు నాన్న దగ్గర పడుకుంటోందనుకుందాం. అమ్మ ఇంట్లో ఎనిమిదిన్నరకు లైటు ఆర్పేస్తారు. నాన్న ఇంట్లో 'వారానికి రెండు రోజులే కదా' అని పదింటి దాకా టీవీ నడుస్తుంది. ఆదివారం రాత్రి అమ్మ దగ్గర పాపకు ఎంతకీ నిద్ర పట్టదు, సోమవారం బడికి లేవలేదు. 'అక్కడ గారాబం చేసి పంపారు' అంటుంది అమ్మ. 'నా దగ్గర హాయిగానే పడుకుంది, దానికి అక్కడ ఉండటం ఇష్టం లేదు' అంటాడు నాన్న. ఇద్దరూ పాప మెదడులోని గడియారాన్ని మరిచిపోతున్నారు.

మనకూ దుబాయ్‌కీ కాలంలో తేడా గంటన్నర. పాప ప్రతి వారం దుబాయ్ వెళ్లొచ్చినట్టే లెక్క. ఆదివారం గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తున్నా, ఆలస్యానికి అలవాటుపడుతున్న ఆమె శరీరానికి ఇంకా నిద్రవేళ కాదు.

దీనికి తోడు వెలుతురు. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ నిద్రకు సంకేతం. 2018లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు కొందరిని నిద్రకు ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుగులో ఉంచితే, మెలటోనిన్ దాదాపు 88 శాతం తగ్గింది. లైటు ఆర్పిన 50 నిమిషాల తర్వాత కూడా కోలుకోలేదు. మసక వెలుగు సైతం గట్టి ప్రభావమే చూపుతుందని 2022లో అదే బృందం గుర్తించింది.

కాబట్టి రెండిళ్లలోనూ మంచం, బొమ్మలు, కథలు ఒకేలా ఉండనక్కర్లేదు. మూడు విషయాలు కుదిరితే చాలు. పడుకునే వేళ, లేచే వేళ అరగంటకు మించి మారకూడదు. చివరి గంటలో టీవీ, ఫోను కట్టేసి, చిన్న లైటు మాత్రమే ఉంచాలి. స్నానం, పళ్లు తోముకోవడం, కథ, లైటు ఆర్పడం రెండు చోట్లా అదే వరుసలో జరగాలి. 2009లో అమెరికాలో 405 మంది తల్లులతో చేసిన అధ్యయనంలో, రెండు వారాలు ఇలాంటి వరుస పాటించిన పసిపిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి తక్కువసార్లు లేచారు. అయితే అది తల్లులు స్వయంగా చెప్పిన వివరం, రెండిళ్ల పిల్లలపై చేసినది కాదు.

ఆదివారం ఇబ్బందిపడి బుధవారానికల్లా సర్దుకుంటే కారణం చాలావరకు గడియారమే. మూడు వారాలు వేళలు కలిపినా పాప రాత్రుళ్లు ఏడుస్తూ లేస్తుంటే అది ఎడబాటు బెంగ కావచ్చు. అప్పుడు పిల్లల వైద్యుణ్ని కలవాలి.

ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చాలని లా కమిషన్ 2015లోనే సిఫార్సు చేసింది. బిడ్డను ఏ రోజు, ఎన్ని గంటలకు అప్పగించాలో రాసుకునే తల్లిదండ్రులు, ఎన్ని గంటలకు పడుకోబెట్టాలో కూడా అదే కాగితం మీద ఒక వాక్యం రాసుకోవాలి. నిద్రలేమిని సాక్ష్యంగా చూపి ఒకరినొకరు నిందించుకునే అవసరం అప్పుడు తగ్గుతుంది.