అది గాజుకన్నా? ప్రాణమున్న కన్నా?

గ్రాఫిక్స్ హీరోయిన్ క్లోజప్‌లోకి రాగానే పక్క సీటాయన ‘అబ్బే, గాజుకళ్ళండీ!’ అని పెదవి విరిచాడా? పాపం, ఆయన తప్పేం లేదు. బంతి మీద నల్లగుడ్డు బొమ్మ అతికించి ఊరుకుని ఉంటారు.

అసలు కంట్లో కార్నియా ముందుకు ఉబ్బి ఉంటుంది. దాని వెనక సుమారు 3 మిల్లీమీటర్ల లోతున, నీటి అడుగున ఉంటుంది నల్లగుడ్డు, అంటే ఐరిస్. అందుకని షేడర్ రాసేవాళ్ళు కార్నియాకు 1.376 వక్రీభవన గుణకం ఇచ్చి, చూపు కిరణాన్ని అక్కడ వంచి, లోపలి ఐరిస్‌కు తాకిస్తారు. లోతు పెట్టి ఈ వంపు మరిచారో, ముఖం పక్కకు తిప్పగానే ఐరిస్ గుంటలో పడి అంచు చాటున సగం మాయం! వంపు ఉంటే పైకి తేలి నిండుగా కనిపిస్తుంది. గిన్నె అడుగున రూపాయిబిళ్ళ వేసి నీళ్ళు పోసి చూడండి, తెలుస్తుంది.

ఇక తడి మెరుపు. కొందరు దాన్ని ఐరిస్ బొమ్మలోనే తెల్లచుక్కగా గీసేస్తారు. చూపు ఎటు తిరిగితే చుక్క కూడా అటే, అంతే దూరం పోతుంది. దొంగ అక్కడే దొరికిపోతాడు! నిజం మెరుపు కార్నియా పైపొరది. లైటు కదలకపోతే అది కనుపాపకన్నా తక్కువే జరుగుతుంది.

కింది రెప్ప అంచున సన్నని కన్నీటిగీత విడిగా పెట్టాలి. లేకపోతే కన్ను ముఖంలో గుచ్చినట్టుంటుంది. ఏడుపు సీనుకు ముందు ఆ గీతే కాస్త లావెక్కుతుంది, గమనించండి.