బాగోలేని రోజు చీటీ: అది బద్ధకానికి ముద్దుపేరు కాదు

మనసు బాగోలేని రోజు కోసం మూడంటే మూడు చిన్న పనులు ముందే చీటీ మీద రాసి పెట్టుకొమ్మని ఎవరైనా అంటే, ఎదురుమాట సిద్ధంగా ఉంటుంది. "ఇదంతా బద్ధకానికి పెట్టిన ముద్దుపేరు. లేచి, స్నానం చేసి, నాలుగు చుట్లు నడిచి పనిలో పడితే ఏ దిగులైనా పోతుంది. ఈ రోజు మూడు పనులకి తగ్గినవాడు రేపు ఒకదానికి తగ్గుతాడు." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలామంది కష్టపడి పైకొచ్చినవాళ్లే. కానీ వాళ్ల వాదన తప్పు. ఆ తప్పు వల్ల నష్టపోయేది అసలే ఓపిక లేనివాళ్లు.

మొదట వాళ్ల భయం సంగతి చూద్దాం. ఒక రోజు తగ్గితే అలవాటే చెడిపోతుందన్నది ఆ భయం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మంది రోజూ ఒక కొత్త పనిని ఎలా అలవాటు చేసుకుంటున్నారో గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించింది. మధ్యలో ఒక అవకాశం తప్పిపోయినంత మాత్రాన అలవాటు పడే క్రమం చెప్పుకోదగ్గంత దెబ్బతినలేదని అందులో తేలింది. కాబట్టి భయపడాల్సింది తప్పిన రోజు గురించి కాదు. "ఎలాగూ చెడింది కదా" అనుకుని మర్నాడు కూడా వదిలేయడం గురించి. చీటీ ఆ మర్నాటిని కాపాడటానికే. జ్వరం వచ్చినవాడికి జావ పోస్తాం, తగ్గాక అన్నం పెడతాం. జావకి అలవాటుపడి అన్నం మానేస్తాడేమోనని ఎవరూ బెంగపడరు.

ఇక రెండో మాట, లేచి పనిలో పడమనేది. చిత్రమేమిటంటే ఇందులో సగం నిజం ఉంది. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని కూర్చుంటే మనసు కుదుటపడదు, పని మొదలయ్యాకే అది కాస్త కదులుతుంది. పీటర్ లెవిన్‌సన్ 1970లలో కుంగుబాటు చికిత్సను ఈ ఆలోచన మీదే నిలబెట్టాడు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం చేసిన పోలికలో, రోగుల చేత పనులు చేయించే భాగం ఒక్కటీ పూర్తి చికిత్సకు దీటుగానే పనిచేసింది. అయితే ఆ చికిత్సలో ఎవరూ రోగిని "లేచి పనిలో పడు" అని గద్దించరు. పనిని అతను చేయగలిగినంత చిన్న ముక్కలు చేసి, ఎప్పుడు ఎక్కడ చేయాలో ముందే ఖరారు చేస్తారు. మన పెద్దమనుషులు మందు పేరు సరిగ్గానే చెబుతున్నారు, మోతాదు దగ్గరే తప్పుతున్నారు.

ఆ మోతాదు ఎంతో చెప్పాలంటే చీటీనే చూపించాలి. నా చీటీలో ఉన్నవి ఇవి. "కాళ్లు నేల మీద పెట్టి, మంచం పక్కన సీసాలో నీళ్లు తాగు. తలుపు తీసి బయట రెండు నిమిషాలు నిలబడు. అక్కకి ఆ మెసేజ్ పంపు."

ఇంతేనా అనిపించవచ్చు. కానీ ఒక్కో మాటా ఎందుకు అలా ఉందో చూడండి. మొదటిదాంట్లో "సీసాలో నీళ్లు" అని ఉంది, "నీళ్లు తాగు" అని ఊరుకోలేదు. బాగోలేని రోజు మొట్టమొదట పోయేది కాళ్లూ చేతుల సత్తువ కాదు, తేల్చుకునే ఓపిక. వంటింట్లోకి వెళ్లాలా, గ్లాసు కడగాలా అన్న ప్రశ్న వచ్చిందంటే మళ్లీ దుప్పటి లాక్కోవడమే. అందుకే సీసా నింపడం ముందు రాత్రి పని. చీటీ పనిచేస్తుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

రెండో పనికి నడక అని పేరు పెట్టలేదు, కావాలనే. నడక అంటే చెప్పులు, చొక్కా, ఎదురింటివాళ్ల పలకరింపు. నిలబడటానికి అవేవీ అక్కర్లేదు, గుమ్మమో బాల్కనీయో చాలు. గదిలో ట్యూబ్‌లైటు వెలుతురు కొన్ని వందల లక్స్ దాటదు. మబ్బు పట్టిన పగలైనా ఆరుబయట అది సాధారణంగా వేలల్లో ఉంటుంది. ఉదయపు వెలుతురు ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుంది. రెండు నిమిషాలకే గడియారం మారిపోతుందని నేననను. గుమ్మం దాటడమే ఇక్కడ పని. దాటినవాడు తరచూ ఇంకాసేపు నిలబడతాడు, నిలబడకపోయినా చీటీకి లోటు లేదు.

మూడోదాంట్లో "ఆ మెసేజ్" అన్నది ముందే అక్కతో కుదుర్చుకున్న ఒక్క వాక్యం: "ఈ రోజు బాలేదే అక్కా, ఫోన్ చెయ్యకు, తెలియాలని అంతే." ఏం రాయాలా అని ఆలోచించే పని లేదు. తనూ కంగారుపడి నాలుగుసార్లు ఫోన్ చేయదు, సాయంత్రం ఒక్కసారి అడుగుతుంది. ఫోన్ పనిని చివర పెట్టడానికి కారణం చెప్పనక్కర్లేదు. పొద్దున్నే చేతిలోకి వచ్చిన ఫోన్ మధ్యాహ్నం దాకా దిగదు. చీటీ ఫోన్లో కాకుండా కాగితం మీద, కళ్లు తెరవగానే కనబడే గోడ మీద ఉండటం కూడా అందుకే.

"ఫలానా సమయం వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకుంటే, ఉత్త సంకల్పం కన్నా పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్ 1999 నాటి వ్యాసంలో వివరించాడు. కాబట్టి చీటీ పైన ఆ "వస్తే" కూడా రాయాలి. నాది: "అలారం మోగాక అరగంటైనా లేవకపోతే." ఇది లేకపోతే, ఈ రోజు నిజంగా బాగోలేనట్టా కాదా అని మనతో మనమే వాదనకు దిగుతాం. ఆ వాదనలో ఎప్పుడూ మంచమే గెలుస్తుంది.

ఈ చీటీని మెచ్చుకునేవాళ్ల మీదా నాకు ఫిర్యాదుంది. వాళ్లు దాన్ని పాడుచేసేది ప్రేమతో. బాగున్న రోజున ఉత్సాహం ఆగక నాలుగోది, అయిదోది చేరుస్తారు. "ధైర్యంగా ఉండు", "కృతజ్ఞతగా ఉండు" అని రాస్తారు. అవి పనులు కావు. చేశామో లేదో ఎవరూ చెప్పలేరు కాబట్టి అవి మరో నేరారోపణగా మిగులుతాయి. చీటీలో ఉన్న పని నిజంగా చెడ్డ రోజున జరగలేదంటే లోపం మీది కాదు, ఆ పని ఇంకా పెద్దదని అర్థం. నీళ్లు తాగడం కుదరకపోతే "లేచి కూర్చో" అని దిద్దండి. దిద్దడం మాత్రం బాగున్న రోజునే.

మూడూ అయ్యాక ఏం చేయాలని అడుగుతారు. ఏమీ చేయక్కర్లేదు. ఓపిక వస్తే స్నానం, రాకపోతే మళ్లీ పడుకోవడం. రెండూ చీటీకి సమ్మతమే.

ఒక్క హద్దు ఉంది, దాన్ని ఏ వాదనా దాటించలేదు. ఇది అప్పుడప్పుడూ వచ్చే చెడ్డ రోజు కోసం. దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉంటే, నిద్ర, తిండి దెబ్బతింటుంటే అది చీటీతో తీరే విషయం కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగడం కూడా వద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416 రాత్రింబగళ్లు, డబ్బు కట్టక్కర్లేకుండా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చీటీ రాసేటప్పుడే ఆ నంబరు కూడా అడుగున రాసి పెట్టుకోండి.